మెడ పట్టేసి తల ఒరిగిన పిల్లలు: బిగిసింది కండరమా, పూసా?

పొద్దున నిద్ర లేచిన పిల్ల తల ఒక భుజం మీదకి వాల్చేసి, మెడ తిప్పబోతే నొప్పితో ఏడుస్తుంటే ఇంట్లో వచ్చే మొదటి మాట "రాత్రి సరిగ్గా పడుకోలేదు, మెడ పట్టేసింది" అని. చాలాసార్లు అది నిజమే. మెడ కండరం బిగుసుకుంటుంది, రెండు మూడు రోజులు ఇబ్బంది పెడుతుంది, తర్వాత దానంతట అదే వదిలేస్తుంది. వారం దాటి ఉండటం అరుదు. డాక్టర్లు ఇలా తల ఒరగడాన్ని టార్టికాలిస్ అంటారు. ఇది లక్షణం మాత్రమే. దాని వెనక కండరం ఉండొచ్చు, గొంతులో చీము ఉండొచ్చు, వాంతులకి వేసిన మందు ఉండొచ్చు, అరుదుగా మెదడులో గడ్డ కూడా ఉండొచ్చు.

ఈ కారణాల్లో ఒకదాని గురించి తల్లిదండ్రులకి దాదాపు ఏమీ తెలియదు. మెడలోని మొదటి పూస రెండో పూస మీద తిరిగిన చోటే బిగుసుకుపోవడం అది. చూడ్డానికి అచ్చం మామూలు మెడపట్టులాగే ఉంటుంది. మొదటి వారంలో మెత్తటి కాలర్‌తో, నొప్పి మాత్రలతో పోయేది, మూడు నెలలు ఆలస్యమైతే ఆపరేషన్ దాకా వెళ్తుంది. ఆలస్యానికి ఇంత ఖరీదు ఉంది కాబట్టే దీని గురించి వివరంగా తెలుసుకోవాలి.

ముందు ఆ రెండు పూసల సంగతి. పుర్రెకి సరిగ్గా కింద ఉండే మొదటి పూస, అట్లాస్, ఒక వలయం. రెండో పూస, యాక్సిస్, నుంచి పైకి ఒక మొన లేచి ఆ వలయం ముందు భాగంలోకి దూరి ఉంటుంది. దాన్ని డెన్స్ అంటారు. తిరగలిలో కింది రాయికి ఉన్న మేకు చుట్టూ పైరాయి తిరిగినట్టే, డెన్స్ చుట్టూ అట్లాస్ తిరుగుతుంది, దానితోపాటు తలా తిరుగుతుంది. మనం తలని పక్కకి తిప్పే తిప్పుడులో సుమారు సగం ఈ ఒక్క కీలు దగ్గరే జరుగుతుంది. మిగతా సగాన్ని కింది పూసలన్నీ కలిసి పంచుకుంటాయి. డెన్స్ వెనక్కి జరిగి వెన్నుపాముని నొక్కకుండా దాని వెనకనుంచి ఒక బలమైన లిగమెంట్ అడ్డంగా కట్టి ఉంటుంది. తల అవసరానికి మించి తిరగకుండా పక్కన ఇంకో రెండు లిగమెంట్లు ఆపుతుంటాయి.

పిల్లల్లో ఈ ఏర్పాటు పెద్దవాళ్ళలో ఉన్నంత గట్టిగా ఉండదు. లిగమెంట్లు వదులుగా ఉంటాయి. ఒంటితో పోలిస్తే తల పెద్దది. పూసలు ఒకదాని మీద ఒకటి ఆనే కీలు ఉపరితలాలు ఇంకా చదునుగానే ఉంటాయి, అందుకని జారడం తేలిక. గొంతు వెనక భాగం నుంచి రక్తాన్ని తీసుకెళ్ళే సన్నని సిరలు డెన్స్ చుట్టూ ఉన్న సిరల వలతో కలుస్తాయి. గొంతులో ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు ఆ వాపు ఈ దారిలో మెడ కీలు దాకా పాకి, లిగమెంట్లని మరింత వదులు చేస్తుందన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. అలా వదులైన కీలులో పిల్ల నిద్రలో తల తిప్పినా చాలు, అట్లాస్ తిరిగిపోయి, వాచిన కీలు పొర మధ్యలో ఇరుక్కుని, చుట్టూ కండరాలు బిగుసుకుని అక్కడే ఆగిపోవచ్చు. గొంతు, టాన్సిల్స్, చెవి, మెడ గ్రంథుల ఇన్ఫెక్షన్ తర్వాత ఇలా జరిగితే దాన్ని గ్రైసెల్ సిండ్రోమ్ అంటారు. ఫ్రాన్స్‌కి చెందిన పియర్ గ్రైసెల్ 1930లో దీన్ని వివరించాడు. టాన్సిల్స్, అడినాయిడ్స్ ఆపరేషన్ల తర్వాత కూడా ఇది కనిపిస్తుంది. ఆపరేషన్ బాగా జరిగింది, కానీ నాలుగైదు రోజులుగా పిల్లాడు తల వంకరగా పెడుతున్నాడు అంటే, గొంతునొప్పికి అలా పెట్టాడని సరిపెట్టుకోకూడదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఏడేళ్ళ పాప, బరువు 20 కిలోలు. పది రోజుల కింద గొంతునొప్పి, జ్వరం వచ్చాయి, మందులు వాడితే తగ్గాయి, పాప బడికి వెళ్తోంది. ఒక పొద్దున లేచేసరికి తల కుడి భుజం వైపు ఒరిగి ఉంది, గడ్డం ఎడమకి తిరిగి ఉంది, మెడ తిప్పనివ్వడం లేదు. ఇంట్లో కాస్త నూనె రాశారు, పారాసిటమాల్ ఇచ్చారు. మూడో రోజు దగ్గర్లోని క్లినిక్‌కి తీసుకెళ్తే కండరం పట్టేసిందని నొప్పికి మందు రాశారు. అక్కడిదాకా ఎవరి తప్పూ లేదు. మూడో రోజున ఈ రెండింటినీ వేరు చేయడం అనుభవం ఉన్నవాళ్ళకి కూడా కష్టమే.

తేడా వచ్చేది ఆ తర్వాతే. అయిదో రోజుకి నొప్పి తగ్గింది. పాప ఆడుకుంటోంది, అన్నం తింటోంది. తల మాత్రం ఇంకా ఒరిగే ఉంది. "డాక్టర్ గారూ, నొప్పి లేదంటోంది, అలవాటుగా అలా పెడుతోందేమో" అని తల్లి అనడం ఇక్కడ చాలా సహజం. కానీ మామూలు మెడపట్టులో నొప్పి, వంకర రెండూ కలిసి తగ్గుతాయి. నొప్పి పోయి వంకర మిగిలిందంటే పూస బిగిసిందేమో అని గట్టిగా అనుమానించాలి. బిగిసిన కీలులో మొదటి రోజుల వాపు తగ్గేకొద్దీ నొప్పి తగ్గుతుంది, స్థానం మాత్రం మారదు. ఈ ఒక్క విషయం తెలియక నెలలు గడిచిపోతుంటాయి.

ఎనిమిదో రోజున పిల్లల ఎముకల డాక్టర్ చూశారనుకుందాం. మొదట తల ఎటు ఒరిగింది, గడ్డం ఎటు తిరిగింది అన్నది చూస్తారు. తర్వాత చెవి వెనక నుంచి ఛాతీ ఎముక దాకా మెడకి రెండు పక్కలా తాడులా కనిపించే స్టెర్నోమాస్టాయిడ్ కండరాలని వేళ్ళతో తడిమి చూస్తారు. కుడివైపు కండరం బిగిస్తే తల కుడికి ఒరుగుతుంది, గడ్డం ఎడమకి తిరుగుతుంది. కాబట్టి సమస్య కండరంలోనే ఉంటే గట్టిగా, నొప్పిగా ఉండాల్సింది తల ఒరిగిన కుడివైపు కండరమే. ఈ పాపకి గట్టిగా తగిలింది ఎడమవైపుది. పూస తిరిగి బిగిసిపోయినప్పుడు, దాన్ని వెనక్కి లాగే ప్రయత్నంలో గడ్డం తిరిగిన వైపు కండరం బిగుసుకుంటుంది. అంటే ఇక్కడ కండరం జబ్బుకి కారణం కాదు, జబ్బుని సరిచేయబోతోంది. ఈ గుర్తు ప్రతి పిల్లలోనూ స్పష్టంగా ఉండదు, ముఖ్యంగా మొదటి ఒకటి రెండు రోజుల్లో రెండు పక్కలా నొప్పి ఉంటుంది. దీన్ని బట్టే తేల్చేయరు, కానీ అనుమానానికి ఇది బలం ఇస్తుంది.

తర్వాత పాపని తనంతట తానే తల తిప్పమంటారు. ఎడమకి ఇంకొంచెం తిప్పగలిగింది. కుడికి తిప్పబోతే గడ్డం నడిమధ్య దాకా వచ్చి ఆగిపోయింది. వంకరని పెంచగలగడం, సరిచేస్తే మధ్య గీత దాటలేకపోవడం పూస బిగిసిన పిల్లల్లో కనిపించే తీరు. ఇక్కడ డాక్టర్ చేయి వేసి బలవంతంగా తిప్పి చూడరు. ఆ మాటకొస్తే ఎవరూ తిప్పకూడదు. తిరిగి ఇరుక్కున్న అట్లాస్ వలయం లోపలినుంచే వెన్నుపాము వెళ్తుంది. మంగలి షాపులో మెడ విరిపించడం, మర్దన చేసేవాళ్ళతో "సరి చేయించడం" పెద్దవాళ్ళకే మంచిది కాదు, తల ఒరిగిన పిల్లల విషయంలో మరీ ప్రమాదం.

ఆ తర్వాత స్కాన్. చాలామంది మొదట అడిగేది ఎక్స్‌రే. పక్కనుంచి తీసిన ఎక్స్‌రేలో అట్లాస్ ముందు భాగానికీ డెన్స్‌కీ మధ్య ఖాళీ కొలుస్తారు. పిల్లల్లో అది 5 మిల్లీమీటర్ల లోపు ఉండాలి, పెద్దవాళ్ళలో 3. అంతకు మించితే లిగమెంట్ దెబ్బతిందని అర్థం. కానీ ఈ జబ్బులో ఎక్కువమంది పిల్లలకి ఆ ఖాళీ మామూలుగానే ఉంటుంది, పూస తిరిగింది తప్ప ముందుకి జరగలేదు. నోరు తెరిపించి తీసే ఎక్స్‌రేలో డెన్స్‌కి రెండు పక్కలా ఖాళీ సమానంగా ఉందా అని చూస్తారు. తల ఒరిగి, నొప్పితో నోరు తెరవని పిల్లలో ఆ ఫిల్మ్ సరిగ్గా రాదు. వచ్చినా, ఆరోగ్యంగా ఉన్న పిల్ల తల పక్కకి తిప్పి తీసినా అదే అసమానం కనిపిస్తుంది.

సీటీ స్కాన్‌లో కూడా ఇదే చిక్కు ఉంది, దీన్ని చాలామంది గమనించరు. తల తిరిగి ఉన్న స్థితిలో ఒక్కసారి సీటీ తీస్తే అట్లాస్ యాక్సిస్ మీద తిరిగినట్టే కనిపిస్తుంది, ఎందుకంటే తల తిప్పితే అది తిరగాల్సిందే. కేవలం కండరం పట్టేసిన పిల్లకి కూడా "పూస తప్పింది" అని రిపోర్టు రావొచ్చు. అందుకే అనుమానం ఉన్నచోట డైనమిక్ సీటీ అడుగుతారు. నొప్పికి మందు ఇచ్చి, తల ఉన్న స్థితిలో ఒకసారి, పాప తనంతట తాను రెండో వైపుకి ఎంత తిప్పగలిగితే అంత తిప్పాక ఇంకోసారి స్కాన్ తీస్తారు. మామూలు మెడపట్టయితే తల రెండో వైపుకి వెళ్ళేకొద్దీ అట్లాస్ కూడా యాక్సిస్‌ని దాటి అటు తిరుగుతుంది. బిగిసిపోయి ఉంటే, కింది పూసలన్నీ కదిలి తల కాస్త తిరిగినా, ఈ రెండు పూసల మధ్య కోణం మాత్రం అలాగే ఉండిపోతుంది. కోణం మారిందా లేదా అన్నదే తేల్చేది. రేడియేషన్ ఉంది కాబట్టి తల ఒరిగిన ప్రతి పిల్లకీ మొదటి రోజే ఇది చేయరు. వారం దాటినా తగ్గనివాళ్ళకి, దెబ్బ తగిలినవాళ్ళకి, పైన చెప్పిన గుర్తులు ఉన్నవాళ్ళకి చేస్తారు. ఇన్ఫెక్షన్, చీము, లిగమెంట్, వెన్నుపాము సంగతి తెలియాలంటే ఎమ్మారై.

మన పాప స్కాన్‌లో కోణం మారలేదు. అట్లాస్ ముందుకి జరగలేదు, ఖాళీ 3 మిల్లీమీటర్లే ఉంది. 1977లో ఫీల్డింగ్, హాకిన్స్ ఇచ్చిన వర్గీకరణలో ఇది మొదటి రకం, అన్నిటికంటే ఎక్కువగా కనిపించేదీ, తేలికైనదీ. 3 నుంచి 5 మిల్లీమీటర్లు ముందుకి జరిగితే రెండో రకం, 5 దాటితే మూడోది, వెనక్కి జరిగితే నాలుగోది. మూడు, నాలుగు అరుదు, వెన్నుపాముకి ప్రమాదం ఎక్కువ.

ఇక్కడినుంచి వైద్యం అంతా ఎన్ని రోజులైంది అన్న లెక్క మీద నడుస్తుంది. వారంలోపు దొరికితే మెత్తటి కాలర్, విశ్రాంతి, నొప్పి, వాపు తగ్గించే మందు. ఇబుప్రోఫెన్ అయితే ఒక్కో డోసుకి కిలోకి 10 మిల్లీగ్రాముల లెక్కన, ఈ పాపకి 200 మిల్లీగ్రాములు, రోజుకి మూడుసార్లు, అన్నం తిన్నాక. ఇది డాక్టర్ చెబితేనే. డెంగీ అనుమానం ఉన్న జ్వరంలో, ఒంట్లో నీరు తగ్గిన పిల్లలకి ఇబుప్రోఫెన్ ఇవ్వకూడదు. వారం దాటితే, లేదా కాలర్‌తో కదలిక రాకపోతే, హాస్పిటల్లో పడుకోబెట్టి ట్రాక్షన్ పెడతారు. గడ్డం కిందా తల వెనకా పట్టీ వేసి, మంచం తల వైపున కప్పీ మీదుగా చిన్న బరువు వేలాడదీస్తారు. చిన్న పిల్లలకి ఒకటి, ఒకటిన్నర కిలోల దగ్గర మొదలుపెడతారు. కండరాలు వదలడానికి డయాజిపామ్ లాంటి మందు ఇస్తారు. గుంజి సరిచేయడం దీని ఉద్దేశం కాదు. కండరం అలిసి వదిలితే పూస తనంతట తానే సర్దుకుంటుంది, అందుకు సమయం ఇస్తారు. గొంతు ఇన్ఫెక్షన్ ఇంకా మిగిలి ఉంటే దానికి యాంటీబయాటిక్ కూడా నడుస్తుంది. ఈ దశలో దొరికిన పిల్లల్లో ఎక్కువమందికి కొద్ది రోజుల్లోనే తల నిటారుగా వస్తుంది.

నెల దాటితే కథ మారుతుంది. అప్పటికి కీలు చుట్టూ ఉన్న పొరలు కుంచించుకుపోయి ఉంటాయి, పట్టీ ట్రాక్షన్ చాలకపోవచ్చు. తలకి లోహపు వలయం బిగించి, ఎక్కువ బరువుతో, ఎక్కువ రోజులు లాగాల్సి వస్తుంది. సర్దుకున్నా మళ్ళీ తప్పే అవకాశం ఎక్కువ. మూడు నెలలు దాటినా, పదేపదే తప్పుతున్నా, కాళ్ళూ చేతుల్లో బలహీనత మొదలైనా ఆ రెండు పూసలని స్క్రూలతో బిగించి అతికించే ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. ఆపరేషన్‌తో తల నిటారుగా వస్తుంది, కానీ మెడ తిప్పుడులో సగం జీవితాంతం పోతుంది. రోడ్డు దాటేటప్పుడు, బండి నడిపేటప్పుడు పక్కకి చూడాలంటే ఒళ్ళంతా తిప్పాలి. 1989లో ఫిలిప్స్, హెన్సింగర్ తమ దగ్గరికి వచ్చిన పిల్లల వివరాలు రాస్తూ తేల్చింది కూడా ఇదే: నెలలోపు వచ్చినవాళ్ళు ఆపరేషన్ లేకుండా బాగయ్యారు, ఆలస్యంగా వచ్చినవాళ్ళ ఫలితాలు అంత బాగా లేవు.

అయితే వారం ఆగి చూద్దాం అన్న మాట అందరికీ వర్తించదు. కొన్ని కారణాలకి ఒక్క పూట కూడా ఎక్కువే. అందులో మొదటిది గొంతు వెనక చీము పట్టడం. అయిదేళ్ళ లోపు పిల్లల్లో గొంతు వెనక, పూసల ముందు లింఫ్ గ్రంథులు ఉంటాయి. జలుబు, గొంతునొప్పి తర్వాత అవి చీము పట్టొచ్చు. అలాంటి పిల్లకి జ్వరం గట్టిగా ఉంటుంది, మింగలేక చొంగ కారుతుంటుంది, గొంతు ముద్దగా వస్తుంది. మెడ పక్కకి తిప్పడం కంటే తల పైకెత్తి చూడటానికి ఎక్కువ ఇబ్బంది పడుతుంది. బొమ్మని తలపైన పట్టుకుని చూపిస్తే కళ్ళు మాత్రమే పైకెత్తి, మెడ ఎత్తని పిల్లని చూస్తే డాక్టర్లకి వెంటనే దీని మీదే అనుమానం వస్తుంది. ఊపిరి దారికి ముప్పు కాబట్టి ఇంట్లో నోరు బలవంతంగా తెరిచి చూడటం, పడుకోబెట్టి మందు పట్టించడం చేయకుండా, కూర్చున్న స్థితిలోనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలి.

రెండోది మందు వల్ల వచ్చేది. వాంతులని మెటోక్లోప్రమైడ్ ఇచ్చిన పిల్లకి ఒకటి రెండు రోజుల్లో మెడ ఒక పక్కకి మెలితిరగడం, కళ్ళు పైకి వెళ్ళిపోవడం, నాలుక బయటికి రావడం మొదలవ్వొచ్చు. తెలివి బాగానే ఉంటుంది. దాన్ని ఫిట్స్ అనుకుని, గాలి సోకిందనుకుని ఇంట్లో వాళ్ళు ఎంత టెన్షన్ పడతారో చెప్పనక్కర్లేదు. ప్రోమెథజిన్ లాంటి ఇంజెక్షన్ ఇస్తే చాలాసార్లు నిమిషాల్లో వదిలేస్తుంది. ఇక్కడ రోగ నిర్ధారణ అంతా ఒక్క ప్రశ్న మీద ఉంది: గత మూడు రోజుల్లో ఏ మందు వేశారు? అందుకే హాస్పిటల్‌కి వెళ్ళేటప్పుడు చీటీలు కాదు, ఖాళీ అయినా సరే సీసాలు, స్ట్రిప్పులే తీసుకెళ్ళడం మేలు.

మూడోది మెదడు వెనక భాగంలో గడ్డ. అరుదు, కానీ తల ఒరగడమే మొదటి లక్షణంగా వచ్చిన పిల్లలు ఉన్నారు. మెడనొప్పి కంటే పక్కనున్న సంగతులు దాన్ని పట్టిస్తాయి. పొద్దున లేవగానే తలనొప్పి, వాంతి, వాంతి అయ్యాక కాస్త తేలిక పడటం, నడకలో తూలడం, మెల్లకన్ను కొత్తగా రావడం, రాత బాగా పాడవడం. ఇలాంటి పిల్లకి మెడకి కాకుండా తలకి ఎమ్మారై తీస్తారు.

మన దగ్గర వెన్నుపూసల టీబీని కూడా మర్చిపోకూడదు. అది మెడ పైపూసలకి రావడం తక్కువే అయినా, వచ్చినప్పుడు నెమ్మదిగా, వారాల తరబడి పెరుగుతుంది. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉన్న చరిత్ర తోడవుతాయి. పిల్ల పడుకున్నా, లేస్తున్నా రెండు చేతులతో తలని పట్టుకుని ఆపుకుంటుంటే ఆ మెడని ఇంకెవరూ కదపకుండా హాస్పిటల్‌కి తీసుకెళ్ళాల్సిందే. రాత్రిపూట ఎక్కువయ్యి, ఇబుప్రోఫెన్ వేయగానే తగ్గిపోయే నొప్పి నెలలుగా ఉంటే ఎముకలో చిన్న కణితి గురించి ఆలోచిస్తారు. మంచం మీదనుంచి పడిన పిల్ల తల ఒరిగిస్తే మెడతోపాటు కాలర్ ఎముక కూడా తడిమి చూడాలి, అది విరిగినా తల అటువైపే వాలుతుంది. ఊపిరితిత్తి పైభాగంలో న్యుమోనియా ఉన్నా మెడ ఒరిగి రావొచ్చు, అందుకే మెడ నొప్పని వచ్చిన పిల్ల ఛాతీ కూడా స్టెతస్కోప్‌తో వింటారు.

నొప్పే లేకుండా తల ఒరిగి ఉంటే దారి వేరు. నెలల పసివాళ్ళలో పుట్టుకతో వచ్చిన కండరం బిగుతు, కాస్త పెద్దవాళ్ళలో కంటి కండరం బలహీనత ముందు చూస్తారు. ఒక కన్ను మూసినప్పుడు తల నిటారుగా వస్తే సమస్య మెడలో కాదు, కంటిలో ఉంది.

డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో, కీళ్ళవాతం ఉన్న పిల్లల్లో లిగమెంట్లు ముందే బలహీనం కాబట్టి వాళ్ళకి కొత్తగా తల ఒరిగితే వారం ఆగరు. ఏ పిల్లకైనా చేతుల్లో తిమ్మిరి, నడక తడబడటం, మూత్రం తెలియకుండా పోవడం కనిపిస్తే అది అదే రోజు ఎమర్జెన్సీ.

వారం దాటింది కాబట్టి మన పాపకి ట్రాక్షన్ పెట్టారు, పెట్టిన రెండో రోజు రాత్రికి మెడ వదిలింది, ట్రాక్షన్ తీసి కాలర్ వేశారు. అది నాలుగు నుంచి ఆరు వారాలు ఉంటుంది, ఎందుకంటే పూస సర్దుకున్నా లిగమెంట్లు గట్టిపడటానికి ఆ మాత్రం సమయం కావాలి. ఈ మధ్యలో ఆటలు, స్కూల్ బ్యాగు, బండి మీద ప్రయాణం ఆపుతారు. మళ్ళీ తప్పడం ఎక్కువగా ఈ మొదటి వారాల్లోనే జరుగుతుంది, కాలర్ తొందరగా తీసేసిన పిల్లల్లో. కాలర్ తీశాక పాపని కూర్చోబెట్టి, భుజాలు కదపకుండా రెండు వైపులా తల తిప్పమంటారు. గడ్డం రెండు భుజాల వైపూ సమానంగా వెళ్ళాలి. ఒక వైపు తక్కువగా ఉంటే, నొప్పి లేదని పాప చెప్పినా సరే, మళ్ళీ స్కాన్.